రంగు పెన్సిళ్లతో పొరల పద్ధతి: మా పాపతో ఏడాదిన్నర వాడాక

మా పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్లు. ఏడాదిన్నర కిందటి దాకా ఏ బొమ్మ వేసినా గీత బాగానే కుదిరేది, రంగు దగ్గరికి వచ్చేసరికి పాడయ్యేది. ఎర్ర బంతి వేస్తే అది బంతిలా ఉండేది కాదు, ఎర్ర కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి అతికించినట్టుండేది. అందులోనూ ఒక మూల మెరిసేంత చిక్కగా, ఇంకో మూల చారలు చారలుగా, మధ్యమధ్యలో తెల్ల ముక్కలు. పెన్సిళ్లలోనే లోపం ఉందేమో అనుకుని 12 రంగుల పెట్టె తీసేసి 48 రంగుల పెట్టె కొన్నాను. ఏమీ మారలేదు. మారింది ఎప్పుడంటే, ఒకే రంగుని ఒకేసారి గట్టిగా రుద్దడం మానేసి, పలచటి పొర మీద పొర వేయడం మొదలుపెట్టాక. ఈ సమీక్ష ఆ పద్ధతి గురించే.

ముందు మచ్చలు ఎందుకు వస్తాయో చెప్పాలి, ఎందుకంటే అది అర్థమయ్యేదాకా నేనూ పాపకి తప్పే చెప్పాను. చేతికి నున్నగా తగిలే కాగితం మీద కూడా సన్నటి గరుకు ఉంటుంది, చిన్న చిన్న మిట్టలూ గుంటలూ అన్నమాట. రంగు పెన్సిల్ ముల్లులో రంగు పొడితో పాటు మైనమో నూనెలాంటి పదార్థమో కలిపి ఉంటుంది, ఆ జిగురు వల్లే రంగు మిట్టలకి పట్టుకుంటుంది. పిల్లలు మొదటి పొరనే బలంగా నొక్కితే మిట్టలు అణిగిపోతాయి, గుంటలు మైనంతో నిండిపోతాయి. ఇక ఆ చోట రెండో రంగు పట్టదు, జారిపోతుంది, లేదా కింద ఉన్న రంగునే గీరేస్తుంది. అంటే కాగితానికి ఉన్న పట్టంతా మొదటి నిమిషంలోనే ఖర్చయిపోయింది, షేడింగ్‌కి ఏమీ మిగల్లేదు. ఇది జరిగిందో లేదో తెలుసుకోవాలంటే కాగితాన్ని దీపం దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి, పట్టు పోయిన చోట మెరుస్తుంది.

"మెల్లగా నొక్కమ్మా" అని వందసార్లు చెప్పాను, పని చేయలేదు. మెల్లగా అంటే ఎంతో పిల్లలకి ఎలా తెలుస్తుంది? పని చేసింది ఒక చిన్న ఆట. ఒక పట్టీలో ఐదు గళ్లు గీశాను. నీలం పెన్సిల్‌ని వెనక వైపు, మొనకి దూరంగా పట్టుకుని, పెన్సిల్ బరువు తప్ప చేతి బరువు పడకుండా ఐదు గళ్లకీ ఒక పొర వేయించాను. తర్వాత మొదటి గడి వదిలేసి మిగిలిన నాలుగింటికీ ఇంకో పొర, తర్వాత మూడింటికి, అలా చివరి గడికి వచ్చేసరికి ఐదు పొరలు. ఒక్కసారి కూడా నొక్కకుండా లేత నీలం నుంచి ముదురు నీలం దాకా వచ్చింది. "నాన్నా, నేను నొక్కలేదు, అయినా ముదురైపోయింది!" అని ఆ పట్టీని ఇంట్లో అందరికీ చూపించుకు తిరిగింది. ముదురు రంగు కావాలంటే నొక్కాలి అనే అలవాటు అక్కడే వదిలింది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైన భాగం ఇదే, మిగతాదంతా దీని మీద కట్టినదే.

ఇప్పుడు ఆ ఎర్ర బంతినే మేం ఎలా వేస్తామో చెప్తాను. కాగితం మామూలు ప్రింటర్ కాగితం కాదు, 150 జీఎస్‌ఎం డ్రాయింగ్ షీట్. బంతి అరచేతిలో సగం ఉంటుంది, అంతకంటే పెద్దదైతే పిల్లల చెయ్యి అలసిపోతుంది. వెలుతురు ఎడమ పక్క పై నుంచి వస్తోందని ముందే అనుకుంటాం. గుండ్రం గీయడానికి మామూలు నల్ల పెన్సిల్ వాడం, నారింజ రంగు పెన్సిల్‌తోనే గీస్తాం. నల్ల గీత మీద పసుపు వేస్తే మురికిగా మారుతుంది, పైన మైనం పడ్డాక రబ్బరుతో చెరిపినా పోదు. పైగా గట్టిగా గీసిన గీత కాగితంలో గాడి చేస్తుంది, ఎన్ని పొరలు వేసినా ఆ గాడి సన్నటి తెల్ల గీతలా కనిపిస్తూనే ఉంటుంది.

మొదటి పొర పసుపు. చిటికెన వేలి గోరంత మెరుపు చోటు తెల్లగా వదిలేసి మిగతా బంతంతా పసుపు. ముందుకీ వెనక్కీ గీతలు కాకుండా చిన్న చిన్న సున్నాలు చుడుతూ వేయాలి, గీతలైతే ప్రతి మలుపులోనూ రంగు రెట్టింపు పడి చారలు తేలతాయి. రెండో పొర నారింజ, ఈసారి మెరుపు చుట్టూ ఇంకాస్త చోటు పసుపుగానే వదులుతాం. ఆ తర్వాత ఎరుపు రెండు పొరలు, ఒకటి బంతి గుండ్రం వెంట, రెండోది దానికి అడ్డంగా. మొదటి పొరలో తప్పిపోయిన సందుల్ని అడ్డంగా వేసిన పొర కప్పుతుంది.

ఇక్కడ ఒక్క విషయం మీద ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే పొరలు వేస్తున్నా మచ్చలే వస్తున్నాయి అనేవాళ్లందరి బొమ్మల్లో నేను చూసిన తప్పు ఇదే. పొర ఆగే అంచు. పిల్లలు పసుపుని ఒక గీత దగ్గర ఆపుతారు, నారింజనీ సరిగ్గా అదే గీత దగ్గర ఆపుతారు, ఎరుపునీ అక్కడే. మూడు పొరలూ ఒకే గట్టు దగ్గర ఆగితే అది షేడింగ్ అవ్వదు, మూడు రంగుల చారలవుతుంది. ఒక్కో పొర ఒక్కో చోట ఆగాలి, ఆగేచోట కూడా గీత గీసినట్టు ఆగకూడదు, చెయ్యి తేలిక చేసుకుంటూ, కొన్ని సున్నాలు ముందుకి కొన్ని వెనక్కి వదులుతూ కరిగిపోవాలి. పాపకి "పొగ ఎక్కడ ఆగిందో చెప్పగలవా, అలా ఆపు" అని చెప్పాను, అది బాగా పట్టింది. తర్వాత ఎరుపు అంచు మీద మళ్లీ నారింజతో ఒక పలచటి పొర రెండు వైపులకీ పాకేలా వేస్తే అతుకు కనిపించదు.

నీడకి మొదట్లో అందరిలాగే నలుపు వాడాం. ఎరుపు మీద నలుపు మసి పూసినట్టు పైనే కూర్చుంటుంది, దాని పక్కన ఎరుపు ఇంకా బల్లపరుపుగా కనిపిస్తుంది. ఇప్పుడు ముదురు ఆకుపచ్చ వాడతాం. కింద కుడి పక్క నెలవంక ఆకారంలో ఒక్క పలచటి పొర, దాని మీద మళ్లీ ఎరుపు. ఎరుపూ ఆకుపచ్చా ఎదురెదురు రంగులు కాబట్టి ఒకదాని మెరుపుని ఒకటి తగ్గించుకుని గోధుమ కలిసిన ముదురు ఎరుపు వస్తుంది, నీడ బంతిలోంచే పుట్టినట్టుంటుంది. ఆకుపచ్చ వేసిన క్షణంలో బొమ్మ పాడైపోయినట్టే కనిపిస్తుంది, మా పాప మొదటిసారి ఏడ్చినంత పని చేసింది. పైన ఎరుపు పడేదాకా ఆగమని ముందే చెప్పాలి, లేకపోతే టెన్షన్‌లో గట్టిగా నొక్కేస్తారు.

ఆ నెలవంకని బంతి అంచు దాకా లాగకుండా, అంచున సన్నటి లేత పట్టీ వదలాలి. ఎందుకు వదలాలి అని అడిగింది. నిజం బంతిని తెల్ల కాగితం మీద పెట్టి, కింద అంచు చూపించాను, కాగితం మీద పడ్డ వెలుతురు తిరిగి బంతికి తగలడం తనే చూసింది. మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

నొక్కడం అనేది చివర్లో మాత్రమే వస్తుంది. వెలుతురు పక్క నారింజతో, మిగతా చోట ఎరుపుతో, ఈసారి కాస్త గట్టిగా రుద్దితే ఇంకా మిగిలిన సన్నటి తెల్ల చుక్కలు మూసుకుపోయి నునుపు వస్తుంది. తెల్ల పెన్సిల్‌తో రుద్దమని చాలామంది చెప్తారు. నునుపు వస్తుంది నిజమే, కానీ ఎరుపు పాలిపోయి గులాబీ అవుతుంది. మబ్బుకీ బుగ్గలకీ బాగుంటుంది, బంతికి వద్దు. ఈ రుద్దుడు తర్వాత ఇంకో పొర పట్టదు కాబట్టి, మార్చాల్సినవన్నీ ముందే మార్చేసుకోవాలి.

మొత్తం సుమారు 40 నిమిషాలు, రెండు మూడు విడతల్లో. 15 నిమిషాలు దాటితే చెయ్యి అలిసి తెలియకుండానే ఒత్తిడి పెరుగుతుంది. వేలి కణుపులు తెల్లబడుతున్నా, కాగితం మీద రంగు పొట్టు రాలుతున్నా ఆపించేస్తాను. ఆ పొట్టుని చేత్తో తుడిస్తే గీతలు పడతాయి, మెత్తటి బ్రష్‌తో దులపాలి.

సరిగ్గా రాని సందర్భాలూ చెప్పాలి. మొన మొద్దుబారితే అది మిట్టల మీదే తిరుగుతుంది, గుంటలు తెల్లగా మిగిలి బొమ్మంతా ఇసుక చల్లినట్టుంటుంది. ఒక్క పొరకే రెండుసార్లు చెక్కాల్సి వస్తుంది, పెన్సిళ్లు తొందరగా అరుగుతాయి. ఒకే కాగితాన్ని చెక్క బల్ల మీద పెట్టి వేస్తే కర్ర చారలు బొమ్మలోకి దిగిపోతాయి, కింద నాలుగైదు కాగితాలు వేసుకోవాలి. వేలితోనో టిష్యూతోనో పామితే కలుస్తుందనుకోకండి, నల్ల పెన్సిల్‌లా ఇది పాకదు, మైనం కదా, మురికి మాత్రం అవుతుంది. ఇంకోటి, నాలుగైదు పొరలు పడిన ముదురు చోట్ల కొన్ని రోజులకి తెల్లటి బూజులాంటి పొర కనిపించి కంగారు పడ్డాను. అది పైకి తేలిన మైనం, మెత్తటి గుడ్డతో తేలిగ్గా తుడిస్తే పోయింది.

పెన్సిళ్ల విషయానికొస్తే, 48 రంగులు అక్కర్లేదు, మేం ఇప్పుడు తిరిగి 12తోనే వేస్తున్నాం. కాకపోతే ఆ 12 మెత్తగా ఉండాలి. ముల్లు గట్టిగా, సుద్దలా ఉంటే రెండో పొరకే గీరుతుంది, మా పెద్ద పెట్టెలో పసుపు అలాంటిదే, అందుకే దాన్ని పక్కన పెట్టాం. డబ్బు పెట్టాలంటే రంగుల సంఖ్య మీద కాకుండా కాగితం మీద పెట్టమంటాను. పలచటి నోట్‌బుక్ కాగితం మీద రెండు పొరలకే పట్టు అయిపోతుంది, అక్కడ ఈ పద్ధతి పని చేయట్లేదని పిల్లల్ని అనడం అన్యాయం. మా చిన్నవాడికి ఐదేళ్లు, వాడితో రెండుసార్లు ప్రయత్నించి ఆపేశాను, అంతసేపు తేలిగ్గా పట్టుకోవడం వాడి చేతికి ఇంకా రాలేదు.

పెద్ద ఆకాశాలకి మాత్రం ఈ పద్ధతి నాకు నచ్చలేదు. పేజీ అంతా సున్నాలు చుట్టేసరికి పాపకి విసుగొస్తుంది, విసుగొచ్చాక వేసిన సగం మొదటి సగంలా ఉండదు. అందుకని ఇప్పుడు మందపాటి కాగితం మీద నీళ్ల రంగుతో పలచగా ఒక పూత పూసి, పూర్తిగా ఆరాక, పై అంచున మాత్రం పెన్సిల్ పొరలు రెండు వేస్తున్నాం.