ఎల్‌డీఎల్ 94 వచ్చింది, మరి డాక్టర్ ఎందుకు ఒప్పుకోలేదు?

బెంగళూరు మారతహళ్లిలో మా పక్క వీధిలోనే ఉండే బాబాయ్‌కి ఎనిమిదేళ్లుగా షుగర్. పోయిన నెల లిపిడ్ టెస్ట్ రిపోర్టు తెచ్చి, చెడ్డదని పేరున్న కొలెస్ట్రాల్ అంకె చూపిస్తూ, "ఎల్‌డీఎల్ 94 అమ్మా, వందలోపే ఉంది, ఇక టెన్షన్ లేదు" అన్నాడు. డాక్టర్ మాత్రం ఆ అంకె మీద వేలు పెట్టలేదట. కింద సన్న అక్షరాల్లో ఉన్న నాన్-హెచ్‌డీఎల్ 152 చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాడు.

ఆయన రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 186, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్స్ 290. 186లోంచి మంచిదని పేరున్న 34 తీసేస్తే 152. నాన్-హెచ్‌డీఎల్ అంటే అంతే. రక్తనాళాల గోడల్లో పేరుకునే కొలెస్ట్రాల్ అంతా అందులోకి వస్తుంది: ఎల్‌డీఎల్‌తో పాటు ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వుని మోసే వీఎల్‌డీఎల్, అది ఆ కొవ్వు దింపేశాక మిగిలే రేణువులు కూడా.

ఎల్‌డీఎల్‌ని చాలా ల్యాబులు నేరుగా కొలవవు, లెక్క కట్టి వేస్తాయి. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ప్రకారం ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతును, అంటే ఇక్కడ 58ని, వీఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ అనుకుని 152లోంచి తీసేస్తారు. అలా వచ్చిందే ఆ 94. తీసేసిన 58 ఒంట్లోనే ఉంది, కాగితం మీదే మాయమైంది. పైగా ట్రైగ్లిజరైడ్స్ పెరిగేకొద్దీ ఈ అంచనా తప్పుతుంది, 400 దాటితే ఆ సూత్రం వాడరు.

మా పిన్నికీ ఎల్‌డీఎల్ 94 అనే వచ్చింది. కానీ ఆవిడకి మొత్తం 164, హెచ్‌డీఎల్ 50, ట్రైగ్లిజరైడ్స్ 100. నాన్-హెచ్‌డీఎల్ 114. ఎల్‌డీఎల్ వందలోపు ఉండాలనుకునేవాళ్లకి నాన్-హెచ్‌డీఎల్ 130లోపు ఉండాలి. ఆ 30 తేడా ఎక్కడిదంటే, ట్రైగ్లిజరైడ్స్‌కి మామూలు హద్దు 150, అందులో ఐదో వంతు 30 కాబట్టి. పిన్ని గట్టున పడింది, బాబాయ్ 22 ఎక్కువలో ఉన్నాడు. ఇంతకుముందే గుండెపోటు వచ్చినవాళ్లకి ఈ హద్దులు ఇంకా కిందికి దిగుతాయి.

ఇంకో సంగతి. బాబాయ్ ఆ రోజు దర్శిని హోటల్లో ఖారాబాత్ తిని, కాఫీ తాగి మరీ రక్తం ఇచ్చాడు! తిన్నాక ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి, దాంతో లెక్క కట్టిన ఎల్‌డీఎల్ ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది. నాన్-హెచ్‌డీఎల్ మాత్రం పెద్దగా కదలదు, పరగడుపున రమ్మని తిప్పి పంపక్కర్లేదు.

నన్నడిగితే షుగర్, బాన పొట్ట, ఎక్కువ ట్రైగ్లిజరైడ్స్ ఉన్నవాళ్లకి నాన్-హెచ్‌డీఎల్‌నే ముందు చూడాలి. పిన్నిలాంటి వాళ్లకి ఏది చూసినా ఒకటే. అలాగని ఎల్‌డీఎల్‌ని పక్కన పడేయలేం. అది 190 దాటితే వంశపారంపర్యంగా వచ్చే జబ్బేమోనని అనుమానించాలి, ఇంట్లోవాళ్లకీ టెస్ట్ చేయించాలి. ట్రైగ్లిజరైడ్స్ 500 మించితే ముందు క్లోమం వాచకుండా చూసుకోవాలి, ఈ రెండు అంకెల పోటీ తర్వాత.

బాబాయ్ ఇప్పుడు రిపోర్టు రాగానే నాకు ఫోన్ చేసి మొదట చదివేది ఆ సన్న అక్షరాల లైనే.