ఉన్నికీ పట్టుకూ ఒకే సందూకా, వేర్వేరు పెట్టెలా: ఏది మేలు?

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఇళ్లలో గొంగళ్లు, స్వెటర్లు, శాలువాలు తీసి దాచే పని మొదలవుతుంది. సంక్రాంతికి కట్టిన పట్టుచీరలు కూడా అప్పటికి దాచవలసినవే కనుక, చాలామంది రెండింటినీ ఒకే సందూకలో సర్ది, నాలుగు డాంబర్ గోళీలు వేసి మూత పెడతారు. చోటు కలిసివచ్చే మాట నిజమే. కాని ఉన్నిని కాపాడే పద్ధతి జరీకి మంచిది కాదు, జరీకి సరిపోయే పద్ధతి ఉన్నిని కాపాడలేదు. అందుకే నేను వేర్వేరు పెట్టెలే మేలంటాను.

ఉన్నిని తినేది మనం చూసే చిన్న గోధుమరంగు చిమ్మట కాదు, అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చే లార్వా. చెమట, నూనె, అన్నం మరకలు అంటిన చోటును అది ముందుగా పట్టుకుంటుంది. కాబట్టి ఉతకకుండా దాచిన స్వెటర్‌కు ఏ మందు వేసినా రక్షణ సగమే. ఉతికిన ఉన్నిని మంచి ఎండలో పరిచి, గొంగడి మడతల్లోనూ స్వెటర్ కాలర్ కిందా బ్రష్‌తో గట్టిగా దులిపితే గుడ్లు, లార్వాలు చాలావరకు రాలిపోతాయి. తర్వాత బిగుతైన మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె సందూక కంటే మేలు, ఎందుకంటే సందూక మూత అంచుల సందుల్లోంచి పురుగూ దూరుతుంది, గోళీల ఆవిరీ బయటికి పోతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది గనుక గోళీలను పలుచని గుడ్డలో మూటకట్టి బట్టల పైన పెట్టాలి, అడుగున కాదు. ఎన్ని వేయాలో ప్యాకెట్ మీద చూసుకోవాలి. వాటితోపాటు కర్పూరం మాత్రం వేయకూడదు. రెండూ కలిస్తే మన వేసవి వేడికే కరిగి బట్టలకు జిడ్డు మరకలు పడతాయి.

ఎండిన వేపాకు సంగతేమిటని అడిగేవారు ఎక్కువ. దాని వాసన పురుగును కొంత దూరం పెట్టవచ్చు గాని, ఉన్నిలో అప్పటికే ఉన్న గుడ్లను చంపదు, వాసన కూడా కొన్నాళ్లకు తగ్గిపోతుంది. పచ్చి ఆకు వేస్తే తేమ చేరి మరకలు పడతాయి. అందుచేత ఉన్నికి వేపాకు ఒక్కటే చాలదు. ఇంట్లో పసిపిల్లలుంటే మాత్రం ఆలోచన మారాలి. డాంబర్ గోళీల వాసన పట్టిన బట్టలు తొడిగితే, పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైము లోపమున్న శిశువుల్లో ఎర్రరక్తకణాలు పగిలి కామెర్లు ముదిరే ప్రమాదముంది. పిల్లల ఉన్నిబట్టలను గోళీలు లేకుండా, బిగుతుగా మూసిన వేరే పెట్టెలో ఉంచి, తరచుగా ఎండలో దులపడమే మేలు.

పండుగ బట్టలకు సమస్య వేరు. గద్వాల చీరను చూడండి: నడుమ నూలు, అంచూ కొంగూ పట్టు, వాటిలో జరీ. నూలు భాగానికి గంజి ఉంటే దానికోసం సిల్వర్ ఫిష్ అనే వెండిరంగు పురుగు వస్తుంది, అది గుడ్డ పైపొరను గీకి పలుచన చేస్తుంది. జరీ అయితే తేమకు, గాలిలోని గంధకానికి నల్లబడుతుంది, గోళీలు నేరుగా తగిలినా మచ్చలు పడవచ్చు. కాబట్టి గంజి వదిలించి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, పాత నూలు పంచె ముక్కలో చుట్టి వేరే పెట్టెలో పెట్టడం ఉత్తమం. ప్లాస్టిక్ కవరులో పెడితే తేమ లోపలే నిలిచిపోతుంది. ఉన్నికి మేలు చేసిన ఎండ ఇక్కడ రంగు వెలిసేలా చేస్తుంది. వేపాకు వేయదలిస్తే, బాగా ఎండినదాన్ని సంచిలో కట్టి మూలన పెట్టవచ్చు.

ఇక ఏ పెట్టెలో ఏముందో చీటీ మీద రాసే పట్టిక. పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేరుస్తాం గనుక చీటీని మూతకు కాక పక్కకు అంటించాలి. నల్గొండలో నలుగురున్న ఇంటికి ఇలా సరిపోతుంది:

పెట్టె 1, ఉన్ని: గొంగళ్లు 2, స్వెటర్లు 4, శాలువా 1. మార్చిలో ఉతికి ఎండలో పెట్టినవి. డాంబర్ గోళీలు ఉన్నాయి, వాడే ముందు గాలికి ఆరేయాలి. చూడవలసిన నెలలు: జూన్, ఆగస్టు.

పెట్టె 2, పండుగ బట్టలు: గద్వాల 1, పోచంపల్లి పట్టు 1, నారాయణపేట 2. గంజి లేదు, గోళీలు వేయవద్దు. మడత మార్చవలసిన నెలలు: జూన్, సెప్టెంబరు.

జూన్ అని రాయడానికి కారణం, వానలు మొదలై గాలిలో తేమ పెరిగేది అప్పుడే. సెప్టెంబరు తనిఖీ బతుకమ్మకు ముందు వస్తుంది. పట్టును ఏళ్లతరబడి ఒకే మడతలో ఉంచితే ఆ గీత వెంటే చిరుగుతుంది, అందుకే మడత మార్చాలి. ఉన్ని పెట్టె తెరిచినప్పుడు వంకర రంధ్రాలు, సన్నని బూజులాంటి దారాలు, ఉన్ని రంగులోనే ఇసుకలాంటి రేణువులు కనిపిస్తే పురుగు లోపల ఉన్నట్టే. అప్పుడు ఆ ఒక్క బట్టను తీసేస్తే సరిపోదు. పెట్టెలోని ఉన్ని మొత్తాన్ని ఎండలో దులిపి, పెట్టెను కడిగి ఆరబెట్టి, కొత్త తేదీతో చీటీ రాయాలి.