పర్ఫార్మెన్స్ బ్యాంకు గ్యారంటీ వాపసు కోరే లేఖ: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

హనుమకొండ కేంద్రంగా వసతిగృహాలకు ఇనుప మంచాలు, బీరువాలు సరఫరా చేసే చిన్న వ్యాపారం మాది. మేము ఒప్పందం సరిగా నెరవేర్చకపోతే సరుకు కొన్న కార్యాలయానికి ఫలానా మొత్తం చెల్లిస్తానని మా తరఫున బ్యాంకు రాసి ఇచ్చే హామీయే బ్యాంకు గ్యారంటీ. సరఫరా ఒప్పందం సక్రమంగా ముగిశాక ఆ గ్యారంటీని తిరిగి ఇవ్వమని కార్యాలయాన్ని కోరే లేఖను తొమ్మిదేళ్లుగా ఒకే నమూనాలో రాస్తున్నాను. మధ్యలో ఒక్కసారి దానిని గట్టిగా మార్చవలసి వచ్చింది. ఆ మార్పు ఎందుకు అవసరమైందో చెబితే నమూనా బలమూ, లోపమూ రెండూ తెలుస్తాయి.

మొదట్లో వాడిన లేఖ నాలుగు వాక్యాలే. సరుకు మొత్తం అందజేశాము, బిల్లు సొమ్ము అందింది, కనుక గ్యారంటీ వాపసు ఇవ్వగలరు అని ఉండేది. మర్యాదగా ఉండేది కాని, దానిని చదివిన గుమస్తా ఫైలులో దేనిని వెతకాలో అందులో లేదు. పైగా సరుకు అందజేయడంతోనే మన బాధ్యత తీరదు. వారంటీ కూడా ముగియాలి, చాలా ఒప్పందాలలో ఆ తరువాత మరో 60 రోజుల వరకు గ్యారంటీ అమలులో ఉండాలి. ఆ వారంటీ సరుకు దించిన రోజు నుంచి కాక, ఆమోద పత్రం మీద సంతకం అయిన రోజు నుంచి లెక్కకు వస్తుందని ఒప్పందంలో ఉంటే, మనం అనుకున్న తేదీకి, కార్యాలయం లెక్కించే తేదీకి నెలల తేడా వస్తుంది.

నాకు ఎదురైన సందర్భం ఇది. ఒప్పందం విలువ 18,40,000 రూపాయలు, గ్యారంటీ అందులో 5 శాతం, అంటే 92,000 రూపాయలు. అంత మొత్తానికీ బ్యాంకు మా ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను పట్టి ఉంచింది. గ్యారంటీ గడువు మొదట 2022 డిసెంబరు 31. సరఫరా ఆలస్యమై, ఆమోద పత్రం 2022 జనవరి 18న రావడంతో వారంటీ 2023 జనవరి 17 వరకు సాగింది. అందువల్ల గ్యారంటీని 2023 మార్చి 18 వరకు పొడిగిస్తూ బ్యాంకు మరో పత్రం ఇచ్చింది. గ్యారంటీ సొమ్మును కార్యాలయం బ్యాంకును అడగగలిగే క్లెయిము గడువు మాత్రం ఆ పైన ఇంకో ఏడాది, అంటే 2024 మార్చి 18 వరకు ఉంది.

వారంటీ ముగిసిన వారంలోనే లేఖ ఇచ్చాను. నెల లోపే అసలు గ్యారంటీ పత్రం చేతికి వచ్చింది. స్టాంపు కాగితం వెనుక రద్దు అని రాసి అధికారి సంతకం చేసి, ముద్ర వేశారు. దానిని సంతోషంగా బ్యాంకుకు తీసుకుపోతే, పొడిగింపు పత్రం ఏదని అడిగారు. అది అదే కార్యాలయంలో బిల్లుల ఫైలులో ఉండిపోయింది. అసలుతోపాటు పొడిగింపు పత్రం కూడా వస్తేనే, లేదా గ్యారంటీలో లబ్ధిదారైన కార్యాలయం తనకు ఇక ఏ క్లెయిమూ లేదని బ్యాంకుకు నేరుగా రాసి ఇస్తేనే, డిపాజిట్ విడుదల చేస్తామన్నారు. ఏదీ జరగకపోతే క్లెయిము గడువు తీరేదాకా ఆగవలసిందే. 92,000 రూపాయలు మాలాంటి వారికి ఒక విడత ఇనుము ఖరీదు. ఆ రోజు తప్పు కార్యాలయానిది కాదని, అడగవలసిన కాగితం పేరు నేనే లేఖలో రాయలేదని అర్థమై బాధపడ్డాను.

అప్పటి నుంచి లేఖలో ప్రధాన భాగాన్ని ఇలా రాస్తున్నాను:

"పై సరఫరా ఉత్తర్వు ప్రకారం సరుకు పూర్తిగా అందజేయబడినది. ఆమోద పత్రం తేదీ నుంచి లెక్కించిన వారంటీ కాలం ముగిసినది. తుది బిల్లు చెల్లింపు జరిగినది. మా వైపు నుంచి బాధ్యత ఏదియు మిగిలి లేనందున, పై సంఖ్య గల అసలు గ్యారంటీ పత్రమును, దాని పొడిగింపు పత్రములన్నిటిని, రద్దు ధ్రువీకరణతో మాకు ఇప్పించి, తమకు ఇక ఎట్టి క్లెయిము లేదని గ్యారంటీ ఇచ్చిన బ్యాంకు శాఖకు తెలియజేయగలరని మనవి."

విషయం వరుసలో సరఫరా ఉత్తర్వు సంఖ్య, తేదీ, గ్యారంటీ సంఖ్య, మొత్తం, బ్యాంకు శాఖ, గడువు, క్లెయిము తేదీ రాస్తాను. ఆమోద పత్రం, తుది బిల్లు చెల్లింపు వివరం, గ్యారంటీ నకలు జతచేస్తాను. గ్యారంటీలో లబ్ధిదారుగా ఎవరి హోదా ఉందో ఆ అధికారికే లేఖ రాయాలి. స్టోర్సు అధికారికి రాస్తే అది ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి తిరుగుతుంది. ఇన్‌వర్డ్ సంఖ్య వేయించిన నకలు మన దగ్గర ఉంటే, మరోసారి వెళ్లినప్పుడు లేఖ ఏ ఫైలులో ఉందో గుమస్తాకు వెంటనే చెప్పగలుగుతాము.

ఈ రూపంలో నాలుగుసార్లు వాడాను. మూడుసార్లు పత్రాలన్నీ ఒకేసారి వచ్చాయి. నాలుగోసారి మాత్రం ఆలస్యానికి జరిమానా ఎంత అన్నది తేలని కారణంగా కార్యాలయం గ్యారంటీని ఆపింది. లేఖ ఎంత సవ్యంగా ఉన్నా అక్కడ పనికిరాదు. ముందు జరిమానా మొత్తాన్ని లిఖితపూర్వకంగా తేల్చుకొని, దానిని బిల్లులో మినహాయించుకొమ్మని ఒప్పుకున్నాకే మా పత్రం కదిలింది. ఇప్పుడు అలాంటి బాకీ ఉన్న ఒప్పందాలకు వాపసు లేఖ రాసే ముందు జరిమానా గురించి వేరే లేఖ పెడుతున్నాను.