గూగుల్ షీట్స్‌లో మండపం చెక్‌లిస్టు: ఎవరు మార్చారో చెబుతుంది, ఎందుకో చెప్పదు

మాది మధ్య తరగతి పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే కల్యాణ మండపం. నేను మేనేజర్‌ని. ప్రతి ఫంక్షన్‌కు ముందు చూసుకోవలసిన పనులన్నీ ఒకే జాబితాలో ఉంటాయి. జనరేటర్, నీళ్ల ట్యాంకులు, వంటశాల, కుర్చీలు, గదుల తాళాలు, నిప్పు ఆర్పే సిలిండర్లు అన్నీ అందులోనే. దాన్ని నాతోపాటు ఎలక్ట్రీషియన్, స్టోర్ ఇన్‌చార్జ్, వంటశాల చూసే ఆయన, డెకరేషన్ సూపర్‌వైజర్ దిద్దుతారు. కొన్ని సీజన్లుగా ఈ జాబితాను గూగుల్ షీట్స్‌లోనే నడుపుతున్నాం. వాట్సాప్‌లో ఎక్సెల్ ఫైళ్లు పంపుకొని, ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అని పేర్లు పెట్టుకున్న కాలంతో పోలిస్తే ఇప్పుడు ప్రాణం హాయిగా ఉంది. అయితే దానంతట అది చేసిపెట్టే పని కొంతే. మిగతాది మనం కట్టుబాటుతో నడుపుకోవాలి.

ముందుగా మంచి సంగతి. `File` మెనూలో `Version history` తెరిస్తే ఏ రోజు ఏ సమయంలో ఎవరు ఏం దిద్దారో రంగులతో కనిపిస్తుంది. ఒక్క గడి గురించే తెలుసుకోవాలంటే దాని మీద రైట్ క్లిక్ చేసి `Show edit history` నొక్కితే చాలు. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లినా తర్వాతివి చెరిగిపోవు, కాబట్టి భయపడకుండా వాడవచ్చు. ఇదంతా పనిచేయాలంటే ఒక షరతు ఉంది. ప్రతి ఒక్కరూ తన సొంత ఖాతాతోనే దిద్దాలి. ఆఫీసు ఫోనులో ఉన్న ఒకే ఖాతాతో అందరూ దిద్దితే చరిత్ర నిండా ఒకే పేరు ఉంటుంది. అది ఉన్నా లేకున్నా ఒకటే.

ఇక అసలు చిక్కు. మా జాబితాలో జనరేటర్ డీజిల్ వరుసలో మామూలుగా 100 లీటర్లు ఉంటుంది. వేసవిలో ఒక రాత్రి రిసెప్షన్‌కు స్టోర్ ఇన్‌చార్జ్ జాబితా చూసి 60 లీటర్లే తెప్పించాడు. నింపబోతుంటే ఎలక్ట్రీషియన్‌కు అనుమానం వచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ గడి చరిత్ర తీస్తే 100ను 60 చేసింది ఆ ఎలక్ట్రీషియనే! తేదీ చూస్తే డిసెంబరు. ఎందుకు మార్చావయ్యా అంటే కాసేపు ఆలోచించి, “ఆ రోజు పగటి ముహూర్తం కదా సార్, ఏసీలు వెయ్యలేదు” అన్నాడు. లెక్క సరైనదే. కానీ అది ఆ ఒక్క ఫంక్షన్ లెక్క. అన్ని ఫంక్షన్లకూ ఆధారమైన మూల జాబితాలో, అంటే మాస్టర్‌లో వేయడం వల్ల తర్వాతి ఫంక్షన్లన్నిటికీ అంటుకుంది. పాత అంకె, కొత్త అంకె, మనిషి పేరు అన్నీ చరిత్రలో ఉన్నాయి, కారణం ఒక్కటే లేదు. అతనికి గుర్తు లేకపోయి ఉంటే ఏ అంకె నమ్మాలో మాకూ తెలిసేది కాదు.

అప్పటినుంచి రెండు పనులు చేస్తున్నాం. ఒక ఫంక్షన్‌కు మాత్రమే చెందిన మార్పు మాస్టర్‌లో వేయరు. మాస్టర్‌కు `Make a copy` చేసి, ఆ ఫంక్షన్ ఫైల్లో వేస్తారు. కాపీకి పాత చరిత్ర వెంట రాదు కనుక అది ఏ వెర్షన్ నుంచి పుట్టిందో పై గడిలో రాస్తాం. రెండోది, మాస్టర్‌లోనే ‘మార్పులు’ అనే మరో షీటు. తేదీ, వరుస గుర్తు, పాత విలువ, కొత్త విలువ, కారణం, ఒప్పుకున్నది ఎవరు అన్నవే అందులోని నిలువు గడులు. కారణం ఖాళీగా ఉంటే ఆ మార్పును నేను వెనక్కి తిప్పేస్తాను. ‘అప్‌డేట్ చేశాను’ అని రాసినా తిప్పేస్తాను, అది కారణం కాదు. డీజిల్ సంగతి ఇప్పుడు ఇలా ఉంది: “విద్యుత్-04, 60 నుంచి 100కు. 60 అనేది ఏసీ లేని పగటి ఫంక్షన్ లెక్క. రాత్రికి, వేసవికి 100.” ఆ తర్వాత మాస్టర్‌లో ఆ వరుసనే రెండుగా విడగొట్టాం.

‘విద్యుత్-04’ అని రాయడానికి కారణం ఉంది. షీటులో వరుస సంఖ్య నమ్మదగింది కాదు, పైన ఎవరో ఒక వరుస చేర్చగానే కింది సంఖ్యలన్నీ మారిపోతాయి. అందుకే ప్రతి పనికి సొంత గుర్తు ఇచ్చాం. పని తీసేసినా ఆ గుర్తు మరొకదానికి ఇవ్వం. దీనివల్ల ఇంకో లాభం తర్వాత తెలిసింది. వరుసనే పూర్తిగా తొలగిస్తే `Show edit history`లో ఆ సంగతి కనిపించదు. వరుసలు చేర్చడం, తీయడం అందులో నమోదు కావు. ఒకసారి భద్రత-05 తర్వాత నేరుగా భద్రత-07 కనిపించింది. మధ్యలో పోయింది నిప్పు ఆర్పే సిలిండర్ల ముల్లు పచ్చ గీతలో ఉందా అని చూసే వరుస. గుర్తులే లేకపోతే ఆ ఖాళీ ఎవరి కంటా పడేది కాదు. `Version history`లో పాత రోజు తెరిచి ఆ వరుసను తిరిగి రాసుకున్నాం.

వరుసలను అక్షర క్రమంలో పెట్టే సరదా ఉన్నవాళ్లతో జాగ్రత్త. ఒకరు `Sort` నొక్కితే అందరికీ క్రమం మారుతుంది, చరిత్రలో షీటంతా రంగు పూసినట్టు కనిపిస్తుంది. అసలు మార్పు అందులో దాక్కుంటుంది. తన విభాగం మాత్రమే చూడాలనుకునేవారు `Filter view` వాడాలి. అది పక్కవాళ్ల తెరను కదిలించదు.

తాళం వేసిన తుది కాపీ గురించి చాలామంది పొరపాటు పడతారు. `Data` మెనూలోని `Protect sheets and ranges` ఉన్నదే అనుకోని దిద్దుబాట్లను ఆపడానికి. అందులో `Show a warning` అన్న రకం ఎంచుకుంటే హెచ్చరిక వస్తుంది, అవునని నొక్కితే దిద్దనిస్తుంది. `Restrict who can edit` ఎంచుకుంటేనే నిజంగా ఆపుతుంది. అప్పుడు కూడా ఫైలు యజమానిని ఆపలేదు. చూసే హక్కు ఉన్నవాళ్లు కాపీ తీసుకోవడాన్నీ ఆ తాళం అడ్డుకోదు. అందుకే మేం ఫంక్షన్ ముందురోజు సాయంత్రం షీటంతా మూసి, `Except certain cells`తో టిక్కులు పెట్టే నిలువు గడులను మాత్రం తెరిచి ఉంచుతాం. వెంటనే పీడీఎఫ్ తీసి, చూడటానికి మాత్రమే వీలున్న ఫోల్డర్లో పెడతాం. స్టోర్ దగ్గర గోడకు అంటించేది ఆ పీడీఎఫ్ ప్రింటే. తాళం వేశాక ఎవరైనా పెళ్లివారు ఇంకో యాభై కుర్చీలు అడిగితే షీటు తెరవం. ‘అదనం 1’ అని విడి కాగితం రాసి, సంతకం పెట్టి, ప్రింటు పక్కనే అంటిస్తాం. ఆ కాగితాల్లో పదేపదే వచ్చే మార్పు ఉంటే దాన్ని ఆషాఢంలో మాస్టర్‌లోకి తెస్తాం. ఆ నెలలో ముహూర్తాలు ఉండవు కనుక కూర్చుని దిద్దే తీరిక దొరుకుతుంది.

ఆషాఢం దిద్దుబాటు అయ్యాక `Name current version`తో ఆ వెర్షన్‌కు పేరు పెడతాం. ఒక స్ప్రెడ్‌షీటులో ఇలా పేరు పెట్టగలిగేవి 15 మాత్రమే. మొదట్లో చిన్న మార్పుకూ పేరు పెడితే ఆ కోటా ఇట్టే అయిపోతుంది. పైగా పేరు పెట్టని పాత వెర్షన్లు కాలక్రమంలో ఒకదానిలో ఒకటి కలిసిపోవచ్చు. అందువల్ల పేర్లను ఏటా జరిగే పెద్ద దిద్దుబాటుకే కేటాయించి, ఆ ఏటి మాస్టర్‌ను పీడీఎఫ్‌గా, ఎక్సెల్‌గా విడిగా దించుకుంటున్నాం. ఇద్దరే దిద్దే జాబితాకు ఇంత తతంగం అక్కరలేదు, కారణం రాసే నిలువు గడి ఒక్కటి చేర్చుకుంటే చాలు.