గరుకు గడ్డానికి ఏ రేజర్ మంచిది?

గడ్డం ముతకగా ఉండి, షేవింగ్ ఇప్పుడే మొదలుపెడుతుంటే అసలు పోటీ ఒకదాని వెనక ఒకటి బ్లేడ్లుండే కార్ట్రిడ్జ్ రేజర్‌కీ ఒకే బ్లేడుండే సేఫ్టీ రేజర్‌కీ మధ్యే. ఎలక్ట్రిక్ షేవర్‌తో చర్మం తెగే ప్రమాదం తక్కువే, కానీ నాలుగు రోజులు పెరిగిన గట్టి వెంట్రుకలు దాని జాలీలోకి సరిగా దూరక లాగినట్టు నొప్పి పుడుతుంది, ముందు ట్రిమ్మర్‌తో పొట్టి చేసుకోవాల్సిందే.

కార్ట్రిడ్జ్‌లో తల తిరుగుతుంది కాబట్టి కోణం గురించి టెన్షన్ లేదు, మొదటిరోజే గీసుకోవచ్చు. చిక్కంతా మెడ దగ్గరే. మొదటి బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగితే వెనకది ఇంకా కిందికి కోస్తుంది, తెగిన వెంట్రుక మొన చర్మం లోపలికి జారి, వంకీ తిరిగిన వెంట్రుకైతే అక్కడే పెరిగి రెండు మూడు రోజుల్లో ఎర్రటి పొక్కు అవుతుంది. పైగా ముతక వెంట్రుకలు బ్లేడ్ల మధ్య ఇరుక్కుపోతాయి, కుళాయి కింద ఎంత కడిగినా పోవు.

సేఫ్టీ రేజర్‌కి ఒకటే బ్లేడు, ఇరుక్కునేదేమీ ఉండదు. కాకపోతే చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణం మీ చేతే పట్టాలి, బరువు దానిదే చాలు, నొక్కారో తెగుతుంది. స్నానం చేశాక నురగ పట్టించి రెండు నిమిషాలు ఆగి, వెంట్రుక వాలిన వైపే గీయండి. మెడ మీద ఆ వాలు చాలామందికి పక్కకు ఉంటుంది, వేలితో నిమిరి చూస్తే తెలుస్తుంది.

పొక్కులు వచ్చే చర్మమైతే నా ఓటు సేఫ్టీ రేజర్‌కే, బుగ్గల మీద చేయి కుదిరేదాకా మెడకి మాత్రం ట్రిమ్మర్ వాడుకోండి.