యోగా స్టూడియో ‘₹1 ట్రయల్’: పిన్ కొట్టే ముందు ఆ స్క్రీన్ మొత్తం చదవండి

కూకట్‌పల్లిలో ఇంటికి దగ్గరగా ఉందని ఒక యోగా స్టూడియో వెబ్‌సైట్ చూశాను. టైమ్‌టేబుల్‌లో ఉదయం 6 గంటల బ్యాచ్‌లో ఖాళీలున్నట్టు చూపించింది. కిందే ‘7 రోజుల ట్రయల్ ₹1’ అని బటన్. నొక్కగానే యూపీఐ యాప్ తెరుచుకుంది. రూపాయే కదా అని పిన్ కొట్టేశాను.

మర్నాడు వెళ్తే 6 గంటల బ్యాచ్ ఏడాది మెంబర్లకేనట. ట్రయల్ వాళ్లు 11 గంటలకు రావాలన్నారు. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు అది కుదిరే పని కాదు. తిరిగొచ్చేశాను, మళ్లీ అటు వెళ్లలేదు. ఎనిమిదో రోజు నా ఖాతాలోంచి ₹2,499 కట్ అయింది.

అప్పుడు యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి చూస్తే అర్థమైంది. ఆ రోజు నేను కట్టింది రూపాయే, కానీ ఆ పిన్‌తోనే నెలనెలా డబ్బు తీసుకోవడానికి అనుమతి కూడా ఇచ్చేశాను. ₹1 పెద్ద అక్షరాల్లో, దాని కింద చిన్నగా ‘Up to ₹2,499’, ‘Monthly’, ఇంకా కొన్నేళ్ల తర్వాతి ముగింపు తేదీ. మామూలు పేమెంట్‌లో ఇవేవీ ఉండవు. ఈ మాటలు కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

డబ్బు కట్ అయ్యే ముందు రోజు మెసేజ్ కూడా వచ్చింది. ఇలాంటి ఆటోపేకి కనీసం 24 గంటల ముందు తెలియజేయాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. నేనే ఏదో ప్రకటన అనుకుని తెరవలేదు. మీరలా చేయకండి, ఆ మెసేజ్ వచ్చాక ఆపుకోవడానికి దాదాపు ఒక్క రోజే మిగులుతుంది.

స్టూడియోకి ఫోన్ చేస్తే “మీరే ఒప్పుకున్నారు కదా మేడమ్” అన్నారు. వాళ్ల సైట్‌లో అకౌంట్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగకపోవచ్చు. మన యూపీఐ యాప్‌లోకే వెళ్లి రద్దు చేయాలి. అక్కడ Pause కూడా ఉంటుంది, దాన్ని నొక్కి ఊరుకుంటే తాత్కాలికంగానే ఆగుతుంది. పూర్తిగా క్యాన్సిల్ చేసి, ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి. రద్దు చేసినంత మాత్రాన ముందే పోయిన డబ్బు తిరిగి రాదు, అది విడిగా అడగాల్సిందే.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఉచిత సభ్యత్వం పేరుతో ఆటో డెబిట్ అనుమతి బలవంతంగా తీసుకోవడాన్ని 2023 నవంబర్‌లో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు, అంటే కొనేవాళ్లను మభ్యపెట్టే వెబ్‌సైట్, యాప్ డిజైన్లను అడ్డుకునే నిబంధనలు, తప్పుగా లెక్కేస్తాయి. ఇక్కడ రూపాయి తీసుకున్నారు కాబట్టి ‘ఉచితం కాదు’ అంటారేమో, కానీ పద్ధతి మాత్రం అదే. ట్రయల్ పేజీ స్క్రీన్‌షాట్, బ్యాంక్ స్టేట్‌మెంట్ జత చేశాను. ఇంకా డబ్బు రాలేదు.

ఎక్కడైనా ట్రయల్ కావాలంటే స్టూడియోకే వెళ్లి, మీకు కావాల్సిన బ్యాచ్‌లో ట్రయల్ వాళ్లను కూర్చోనిస్తారా అని ముందు అడగండి. డబ్బు అక్కడే క్యూఆర్ స్కాన్ చేసి ఇవ్వండి.