బ్రిడ్జ్ మోడ్ పెట్టేశాం అంటే నమ్మకండి, టెక్నీషియన్ గుమ్మం దాటకముందే ఇది చూడండి

సొంత రౌటర్ కొనుక్కుని, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చమని అడగబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి. నాకు ఇంకా కోపం చల్లారలేదు. అయినా మరొకరికి ఇలా జరగకూడదని ఇప్పుడే రాస్తున్నాను.

సంగతి అందరికీ తెలిసిందే. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన పెట్టె మోడెమ్ పనీ, రౌటర్ పనీ రెండూ చేస్తుంది. నాకు ఇంటి కెమెరాను బయటి నుంచి చూసుకునే వీలు కావాలి, వెనక గదిలో వైఫై సరిగా అందాలి. అందుకే మంచి రౌటర్ కొన్నాను. ఆ పెట్టె ఇక రౌటర్ పని మానేసి, వచ్చిన కనెక్షన్‌ను ఉన్నదున్నట్టు నా రౌటర్‌కు అందించాలి. కనెక్షన్ తీసుకునే ముందే ఈ మాట అడిగాను. తప్పకుండా చేస్తాం అన్నారు.

టెక్నీషియన్ వచ్చాడు, పెట్టె సెట్టింగుల్లోకి వెళ్లి ఏవో రెండు నొక్కాడు. పెట్టె మీద వైఫై దీపం ఆరిపోయింది. నా రౌటర్‌కు తీగ కలిపాడు, నా ఫోనులో ఒక వీడియో ఆడించి చూపించాడు. "బ్రిడ్జ్ అయిపోయింది సార్" అన్నాడు. అతను మెట్లు దిగుతుండగానే నా ఫోనుకు సందేశం వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది.

కెమెరా మాత్రం బయటి నుంచి కనిపించలేదు. బయటి అభ్యర్థన కెమెరా దాకా వెళ్లడానికి నా రౌటర్‌లో పోర్ట్ సరిగ్గానే తెరిచాను. అనుమానం వచ్చి రౌటర్ స్టేటస్ పేజీ తెరిస్తే, బయటి నుంచి రౌటర్‌కు అందిన చిరునామాను చూపే WAN అన్న వరుసలో 192.168.1.2 అని ఉంది. గేట్‌వే 192.168.1.1. అది ఆ కంపెనీ పెట్టె చిరునామాయే! అంటే పెట్టె ఇంకా రౌటర్‌గానే పనిచేస్తూ, నా రౌటర్‌కు తన లోపలి చిరునామాల్లోంచి ఒకటి పంచి ఇస్తోంది. అతను చేసింది బ్రిడ్జ్ కాదు, వైఫై ఆపడం ఒక్కటే. కనెక్షన్ దారిలో ఏ ఏ పెట్టెలు తగులుతాయో చూపే ఈ ఆదేశాన్ని కంప్యూటర్‌లో ఇచ్చి చూశాను, మొదటి రెండు వరుసలు ఇవి:

```
tracert -d 8.8.8.8
  1    <1 ms    <1 ms    <1 ms  192.168.0.1
  2     1 ms     1 ms     1 ms  192.168.1.1
```

మొదటిది నా రౌటర్, రెండోది వాళ్ల పెట్టె. నిజంగా బ్రిడ్జ్ అయి ఉంటే ఆ రెండో వరుస ఉండకూడదు. బయటి నుంచి కెమెరా కోసం వచ్చే ప్రతి అభ్యర్థన ముందు వాళ్ల పెట్టె దగ్గరే ఆగిపోతుంది. ఎందుకంటే దాన్ని ఎవరికి అందించాలో ఆ పెట్టెకు ఎవరూ చెప్పలేదు. వీధి గేటుకు తాళం వేసి ఉంటే ఇంటి తలుపు తీసి పెట్టి ఏం లాభం? మాయ ఎక్కడుందంటే, ఈ స్థితిలో కూడా వెబ్‌సైట్లు తెరుచుకుంటాయి, వీడియోలు ఆడతాయి. కాబట్టి వీడియో చూపించి వెళ్లిపోతే చాలామందికి తేడా తెలియనే తెలియదు.

ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అవతలి మనిషి పూర్తిగా వినలేదు. "ఇంటర్నెట్ వస్తోంది కదా, ఇంకేం కావాలి? మా రికార్డులో బ్రిడ్జ్ అని ఉంది" అన్నాడు. నా తెర మీద 192.168.1.2 కనిపిస్తుంటే, వాళ్ల రికార్డులో ఉంది కాబట్టి అదే నిజమట! ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. నాకు తెలియకుండా నన్ను మోసం చేయడం ఒక ఎత్తు, తెలిసి చూపించాక కూడా అదే అబద్ధాన్ని నా మీద రుద్దడం ఇంకో ఎత్తు.

గట్టిగా పట్టుబట్టాక మళ్లీ ఆ టెక్నీషియనే వచ్చాడు. ఈసారి నిజంగానే పాత కనెక్షన్ వివరాలు తుడిచేసి బ్రిడ్జ్ అని పెట్టాడు. ఇంటర్నెట్ పూర్తిగా పోయింది. మా లైన్ PPPoE రకం. అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తేనే కనెక్షన్ మొదలవుతుంది. ఇంతకాలం అవి పెట్టె లోపలే ఉన్నాయి, ఇకమీదట నా రౌటర్‌లో ఇవ్వాలి. అవి ఏమిటి అని అడిగితే, "ఆఫీసులో అడగండి, సొంత రౌటర్‌కు మా బాధ్యత లేదు" అని సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు. ఇంటి మొత్తానికి ఇంటర్నెట్ లేకుండా చేసి, బాధ్యత లేదట. నన్ను అన్నిటికంటే బాధించింది ఈ మాటే.

పాస్‌వర్డ్ సంపాదించి నా రౌటర్‌లో ఇచ్చాక కూడా కలవలేదు. ఇక్కడ రౌటర్ లాగ్ చూడటం తెలిస్తే చాలా శ్రమ తప్పుతుంది. పాస్‌వర్డ్ తప్పైతే "authentication failed" లాంటి మాట కనిపిస్తుంది. అంటే అవతలి సర్వర్ దాకా వెళ్లి తిరస్కరణ పొందామన్నమాట. నా లాగ్‌లో అది లేదు, అసలు అవతలి నుంచి ఏ జవాబూ లేదు. జవాబే రాకపోతే చూడాల్సింది పాస్‌వర్డ్ కాదు, పెట్టెలో రాసిన బ్రిడ్జ్ వివరాలు. చాలా కంపెనీలు ఒకే లైన్‌లో ఇంటర్నెట్‌ను మిగతా సేవల నుంచి వేరుగా గుర్తించడానికి దాన్ని ఒక VLAN ID సంఖ్యతో పంపుతాయి. అతను ఆ గడిని ఖాళీగా వదిలేశాడు. పైగా బ్రిడ్జ్‌ను పెట్టె మీది మొదటి పోర్టుకు మాత్రమే ముడిపెట్టాడు, నా తీగ మూడో దాంట్లో ఉంది. మరో టెక్నీషియన్ వచ్చి ఆ సంఖ్య వేసి, తీగ మార్చగానే కనెక్షన్ కలిసింది. నా రౌటర్ WAN వరుసలో బయటి చిరునామా కనిపించింది, కెమెరా తెరుచుకుంది. ఇంత చిన్న పనికి ఇంత గోల.

మీరు అడిగేటప్పుడు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, VLAN ID, ఏ పోర్టు అన్నవి ముందే రాయించుకోండి. అవి చేతికి రాకుండా పెట్టెను ముట్టుకోనివ్వకండి. పని అయ్యాక టెక్నీషియన్ ఎదుటే మీ రౌటర్ WAN వరుస చూడండి. పెట్టె చిరునామాల వరుసలోదే ఉంటే బ్రిడ్జ్ కాలేదు. 100.64 నుంచి 100.127 వరకు మొదలయ్యే చిరునామా వస్తే బ్రిడ్జ్ అయ్యే ఉంటుంది. కానీ కంపెనీ ఒకే బయటి చిరునామాను చాలామందికి పంచుతోందని అర్థం. అప్పుడు కెమెరాకు బయటి నుంచి నేరుగా దారి దొరకదు, విడిగా పబ్లిక్ చిరునామా అడగాలి. ల్యాండ్‌లైన్ ఫోన్ ఆ పెట్టెకే కలిపి ఉంటే దాని వివరాలు తుడవవద్దని ముందే చెప్పండి, డయల్ టోన్ కూడా విని చూడండి.

ఇంకొకటి, ఈ పెట్టెల సెట్టింగులను కంపెనీ దూరం నుంచే మార్చగలదు. ఏదైనా అప్‌డేట్ తర్వాత కెమెరా మళ్లీ కనిపించకపోతే మీ రౌటర్‌ను విప్పి కూర్చోకండి, ముందు ఆ WAN వరుసే మళ్లీ చూడండి.